తిరిగి బడికి రమ్మనే ఉత్తరం

తొమ్మిదో తరగతి కుర్రాడు తోటివాణ్ణి కొట్టి వారం రోజులు సస్పెండ్ అయ్యాడనుకుందాం. ప్రిన్సిపాల్ తల్లిదండ్రులకు ‘ఇకపై మీవాడు బుద్ధిగా ఉండాలి’ అని రాస్తే లాభం లేదు. బుద్ధిని ఎవరు కొలుస్తారు?

‘సోమవారం మీలో ఒకరు వెంట రండి. నెలపాటు రోజూ క్లాస్ టీచర్ డైరీలో రాసింది చదివి సంతకం చేయండి. మళ్లీ చెయ్యి చేసుకుంటే ఆ రోజే పిలిపిస్తాం’ అంటే ఎవరి వంతు ఏమిటో తెలుస్తుంది. అదే ఏడో తరగతి పిల్లాడైతే ‘టీసీ ఇచ్చి పంపేస్తాం’ అన్న షరతు చెల్లదు. ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా బడి నుంచి తీసెయ్యకూడదని 2009 విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ చెబుతోంది.

చాలా ఉత్తరాల్లో మరిచిపోయేది ఒకటుంది: ఆ వారం పోయిన పాఠాలు ఎవరు, ఎప్పుడు చెబుతారో. లెక్కల్లో వెనకబడ్డవాడు మళ్లీ వెనక బెంచీకే చేరతాడు.