పనిలో గాయమైతే యజమానికి ఏమని రాసివ్వాలి?

పని చేస్తుండగా గాయమై, మూడు రోజులకు మించి పనికి వెళ్లలేకపోతే మీరు యజమానిని నష్టపరిహారం అడగవచ్చు. ఈఎస్ఐ కార్డు ఉన్నవారైతే ఈఎస్ఐ కార్యాలయంలో దరఖాస్తు చేసుకోవాలి. మిగతావారు వీలైనంత త్వరగా యజమానికి కాగితం మీద రాసివ్వాలి. నోటిమాటగా చెప్పి ఊరుకోకండి.

మీ పేరు, చిరునామా, ప్రమాదం జరిగిన తేదీ, కారణం మామూలు మాటల్లో రాస్తే చాలు. ఉదాహరణకు రైస్‌మిల్లు హమాలీ ఒకరు ఇలా రాయవచ్చు:

"12వ తేదీ మధ్యాహ్నం 3.20కి గోదాము దగ్గర లారీలోకి బస్తాలు ఎక్కిస్తుండగా, కాలి కింద చెక్క విరిగి పడ్డాను. ఎడమ మణికట్టు విరిగింది. పక్కనే ఉన్న ఇద్దరు హమాలీలు చూశారు, వాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు కింద రాశాను. 3.30కి గుమాస్తాకు చెప్పాను. 4.15కి ప్రభుత్వాసుపత్రిలో ఎక్స్‌రే తీసి కట్టు వేశారు. ఆరు వారాలు బరువులు ఎత్తొద్దన్నారు. ఓపీ చీటీ, ఎక్స్‌రే నకళ్లు జతచేశాను."

చాలామంది దెబ్బతినేది ఆసుపత్రిలోనే. "ఇంట్లో జారిపడ్డానని చెప్పు, ఖర్చు మేం చూసుకుంటాం" అని ఎవరైనా అన్నా అలా చెప్పకండి. డాక్టరు అదే చీటీలో రాస్తారు. తర్వాత మీ ఉత్తరం ఒకటి, చీటీ ఇంకొకటి చెబితే పరిహారం రావడం కష్టమవుతుంది. చీటీలో "పనిచోట పడి" అని రాశారో లేదో అక్కడే చదివించుకోండి.

ఉత్తరం రెండు ప్రతులు రాసి, ఒకదానిపై అందినట్టు సంతకం, తేదీ వేయించుకోండి. తీసుకోనంటే స్పీడ్ పోస్టులో పంపి, రసీదు దాచుకోండి.