షేర్ల ర్యాంకు ఎన్ని నెలలు నిలుస్తుంది?

గత ఏడాదిలో బాగా పెరిగిన షేర్లు మరికొన్ని నెలలు మిగతావాటికంటే ముందుంటాయన్నది మార్కెట్లో పాత నమ్మకం. దీన్నే మొమెంటమ్ అంటారు. నరసింహన్ జగదీశ్, షెరిడాన్ టిట్మన్ 1993లో అమెరికా షేర్ల మీద దీన్ని పరీక్షించారు. గత 3, 6, 9, 12 నెలల పెరుగుదలను బట్టి షేర్లను వరుసలో పెట్టి, 3, 6, 9, 12 నెలలు అట్టిపెట్టి చూశారు. అంటే మొత్తం 16 జోడీలు. ఎక్కువ లాభం ఇచ్చింది 12 నెలల పెరుగుదల చూసి 3 నెలలు మాత్రమే ఉంచుకున్న జోడీ. మొదటి ఏడాదిలో వచ్చిన అదనపు లాభంలో కొంత ఆ తర్వాతి రెండేళ్లలో కరిగిపోయిందని కూడా వారు చూపించారు. ఏ షేరు కొనాలో చెప్పే ర్యాంకుకు ఒక ఆయుర్దాయం ఉంటుందన్నమాట. దాన్ని కొలవడానికి ఫండ్ మేనేజర్లు వాడే సాధనం ఇన్ఫర్మేషన్ కోఎఫిషియెంట్. వాళ్లు క్లుప్తంగా ఐసీ అంటారు.

ఐసీ అంటే ఈ రోజు మనం ఇచ్చిన ర్యాంకుల వరుసకు, తర్వాత వచ్చిన రాబడుల వరుసకు ఉన్న పొందిక. రెండు వరుసలూ అచ్చంగా ఒకటే అయితే 1, పూర్తిగా తలకిందులైతే −1, సంబంధమే లేకపోతే 0. క, చ, ట, త, ప అనే అయిదు షేర్లకు మన సిగ్నల్ అదే వరుసలో 1 నుంచి 5 దాకా ర్యాంకులు ఇచ్చిందనుకుందాం. నెల గడిచాక రాబడి ప్రకారం చూస్తే వాటి స్థానాలు 2, 4, 1, 5, 3 అయ్యాయి. ఒక్కో షేరుకు తేడా 1, 2, 2, 1, 2. వీటి వర్గాల మొత్తం 14. స్పియర్‌మన్ సూత్రం ఇది:

```
IC = 1 - 6*Σd² / (n*(n² - 1))
   = 1 - 84/120 = 0.3
```

అయిదు షేర్లతో వచ్చిన 0.3కు విలువేమీ లేదు, యాదృచ్ఛికంగానూ అంత వస్తుంది. నిఫ్టీ 200 లాంటి పెద్ద జాబితాలో ఎన్నో ఏళ్ల సగటు ఐసీ 0.05 ఉంటే దాన్ని మంచి సిగ్నల్‌గా లెక్కిస్తారు. అసలు సంబంధమే లేని 200 షేర్లలో కూడా ఒక్క నెల ఐసీ 0.07 మేర అటూ ఇటూ ఊగుతుంది. కాబట్టి ఒకటి రెండు నెలల ఐసీ చూసి సంతోషించడానికీ లేదు, దిగులు పడడానికీ లేదు.

ఇక సిగ్నల్ క్షీణత. జనవరి 1న ఇచ్చిన ర్యాంకులను జనవరి రాబడితో ఒకసారి, ఒక్క ఫిబ్రవరి రాబడితో మరోసారి, ఒక్క మార్చి రాబడితో ఇంకోసారి పోల్చాలి. ప్రతి నెల ర్యాంకులకూ ఇలాగే చేసి సగటు తీస్తే ఒక గీత వస్తుంది. వివరణ కోసం నేను అనుకున్న అంకెలు తీసుకోండి: మొదటి నెల ఐసీ 0.05, ఆ తర్వాత ప్రతి నెలా ముందు నెలలో 80 శాతమే మిగులుతుంది. రెండో నెల 0.04, మూడో నెల 0.032, ఆరో నెలకు 0.016. ఈ సిగ్నల్ బలం సుమారు మూడు నెలల్లో సగమవుతుంది.

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. నెలనెలా విడిగా కాకుండా, ఆరు నెలల మొత్తం రాబడితో ఒకేసారి పోల్చితే ఇదే సిగ్నల్ ఐసీ 0.075 దగ్గర తేలుతుంది. ఒక్క నెలకు 0.05, ఆరు నెలలకు 0.075 అని చూసిన వ్యక్తి, సిగ్నల్ రోజులు గడిచేకొద్దీ బలపడుతోందని నమ్ముతాడు. నిజానికి మొదటి నెలల బలం ఆ మొత్తంలో కలిసి ఉంది కాబట్టే అంకె పెద్దదైంది. ఆరో నెల విడిగా చేర్చింది చాలా తక్కువ. ఎన్ని నెలలు ఉంచుకోవాలో తేల్చుకోవాలంటే ఏ నెలకానెల గీతనే చూడాలని నా గట్టి అభిప్రాయం.

అయితే ఆ గీత ఒక్కటే జవాబివ్వదు, ఖర్చు కూడా కావాలి. డెలివరీ షేర్లు కొన్నా అమ్మినా 0.1 శాతం చొప్పున ఎస్‌టీటీ పడుతుంది. కొనుగోలు మీద స్టాంపు డ్యూటీ, బ్రోకరేజీ ఉంటాయి. పెద్ద మొత్తంలో కొంటే మన కొనుగోలే ధరను పైకి నెడుతుంది. అన్నీ కలిపి ఒకసారి కొని అమ్మడానికి 1 శాతం అనుకుందాం. ఒక నెలలో షేర్ల రాబడుల మధ్య ప్రామాణిక విచలనం 8 శాతం అనుకుందాం. పై ర్యాంకుల్లోని 40 షేర్ల స్కోరు సగటు కంటే సుమారు 1.4 ప్రామాణిక విచలనాలు ఎక్కువ. ఈ మూడింటినీ, అంటే 0.05ను, 8 శాతాన్ని, 1.4ను గుణిస్తే మొదటి నెలలో మార్కెట్ సగటు మీద 0.56 శాతం అదనంగా రావాలి. రెండో నెల 0.45, మూడో నెల 0.36, ఇలా తగ్గుతూ పోతుంది.

ప్రతి నెలా షేర్లన్నీ మార్చేస్తే 0.56 సంపాదించి 1 ఖర్చు పెట్టినట్టు, అంటే నష్టమే. మూడు నెలలు ఉంచితే మొత్తం 1.37, ఖర్చు పోను నెలకు 0.12. ఆరు నెలలకు మొత్తం 2.07, నెలకు 0.178. ఎనిమిది నెలలు ఉంచితే నెలకు 0.166కు పడిపోతుంది. ఏడో నెల తెచ్చేది 0.147 మాత్రమే, అది అప్పటిదాకా వచ్చిన నెలసరి నికర సగటు 0.178 కంటే తక్కువ. రాబోయే నెల తెచ్చేది ఇప్పటి సగటు కంటే తగ్గిన చోటే ఆగాలి. ఈ సిగ్నల్‌కు అది ఆరు నెలల దగ్గర వచ్చింది. ఖర్చు సగానికి, అంటే 0.5 శాతానికి తగ్గితే అదే సిగ్నల్‌కు సరైన గడువు మూడు నాలుగు నెలలవుతుంది. సిగ్నల్ మారలేదు, ఖర్చు మారింది. పెద్ద ఫండ్‌కూ చిన్న మదుపరికీ ఒకే గడువు సరిపడదని చెప్పేది ఇందుకే. షేర్లన్నిటినీ ఒకేసారి మారుస్తామన్న నా లెక్కలో ఖర్చు కాస్త ఎక్కువగా కనిపిస్తుంది. మొమెంటమ్ ర్యాంకులు నెమ్మదిగా మారతాయి కాబట్టి, గడువు తీరాక కూడా పై వరుసలోనే ఉన్న షేరును అమ్మనక్కర లేదు. ఎన్‌ఎస్‌ఈ వారి నిఫ్టీ 200 మొమెంటమ్ 30 సూచీ కూడా జూన్, డిసెంబర్‌లలో, ఏడాదికి రెండుసార్లే సవరణ పొందుతుంది.

ఇలాంటి లెక్కను నమ్మే ముందు చరిత్ర ఎంత ఉందో చూడాలి. పదేళ్లలో 120 నెలలు ఉన్నా, ఆరు నెలల రాబడులు ఒకదానిమీద ఒకటి ఎక్కి ఉంటాయి. పక్కపక్క నెలల్లో మొదలయ్యే రెండు గడువులకు అయిదు నెలలు ఉమ్మడి. నిజంగా స్వతంత్రమైనవి 20 మాత్రమే. 120 ఉన్నట్టు భావించి లెక్కిస్తే దోషం చాలా చిన్నదిగా కనబడి, ఫలితం ఎంతో గట్టిదన్న భ్రమ కలుగుతుంది. న్యూయీ-వెస్ట్ సవరణ వాడాలి, లేదా ఒకదానిమీద ఒకటి పడని గడువులనే తీసుకోవాలి. ఈ రోజు సూచీలో ఉన్న 200 షేర్లనే పదేళ్ల క్రితానికి తీసుకెళ్లినా ఐసీ తప్పుగా వస్తుంది. మధ్యలో పడిపోయి బయటికి వెళ్లినవి ఆ జాబితాలో ఉండవు మరి. ఆ నెలలో సూచీలో ఉన్న షేర్లతోనే లెక్క చేయాలి. గడిచిన ఒక నెల ధరను లెక్కలోంచి వదిలేసి, దాని ముందు 11 నెలల పెరుగుదలనే తీసుకోవడం కూడా ఆనవాయితీ. ఒక నెలలో బాగా పెరిగినవి మరుసటి నెల వెనక్కి తగ్గే ధోరణి ఉందని జగదీశే 1990లో చూపించారు. దీన్ని పట్టించుకోకపోతే మొదటి నెల ఐసీ తగ్గి, గీత రూపమే మారుతుంది.

చివరగా ఒక పరీక్ష చేయవచ్చు. పదేళ్లను రెండు సగాలు చేసి, ఒక్కోదానికీ విడిగా గీత గీయండి. మొదటి సగంలో ఆరు నెలలు, రెండో సగంలో రెండు నెలలు వస్తే, ఆరు అనేది సిగ్నల్ స్వభావం కాదు, ఆ కాలంలో మార్కెట్ నడిచిన తీరు. 2009 వసంతంలో అమెరికాలో జరిగింది చూడండి. సంక్షోభంలో బాగా పడిపోయిన షేర్లే ఒక్కసారిగా ఎగసి, మొమెంటమ్ వరుసను తలకిందులు చేశాయి. అలాంటి రెండు మూడు నెలలు సగటు ఐసీలో చాలా చిన్న భాగం. కానీ అప్పుడు చేతిలో షేర్లు ఉన్నవారికి అవే ఏడాది లాభాన్ని మింగేసిన నెలలు. అందుకే సగటు గీతతోపాటు ప్రతి నెల ఐసీ ఎంత పైకి, ఎంత కిందికి పోయిందో కూడా పక్కన పెట్టుకుని చూడాలి.