150 మార్కుల కింద ఎందరున్నారు?

జేఈఈ మెయిన్ ఫలితాల రోజున తెలుగు ఇళ్లలో వినిపించే మొదటి ప్రశ్న ‘ఎంత వచ్చింది?’ స్కోర్ కార్డులో 98.4 అని కనిపిస్తే, లెక్క తెలియని పెద్దవాళ్లు నూటికి 98 మార్కులు వచ్చాయనుకుని పొంగిపోతారు. కానీ ఆ అంకె మార్కుల గురించి చెప్పదు, మనుషుల గురించి చెబుతుంది. ఆ విద్యార్థితో పాటు అదే షిఫ్టులో పరీక్ష రాసిన ప్రతి వందమందిలో సుమారు 98 మందికి అతనితో సమానంగానో, అతని కంటే తక్కువగానో మార్కులు వచ్చాయని దాని అర్థం. ఇందుకు 300కు 294 రావాల్సిన పనిలేదు. పేపరు కష్టంగా ఉంటే అంతకు చాలా తక్కువ మార్కులతోనే ఆ స్థానం దక్కుతుంది.

కాబట్టి పర్సంటైల్ అర్థం కావాలంటే ముందు ఒక చిన్న ప్రశ్నకు జవాబు కనుక్కోవడం రావాలి: ఫలానా మార్కు కంటే తక్కువ వచ్చినవాళ్లు ఎంతమంది? పదో తరగతి లెక్కల్లో ఆరోహణ సంచిత పౌనఃపున్యం పేరుతో పిల్లలు నేర్చుకునేది ఇదే. పేరు బరువైనదే కానీ పని తేలిక. కింది వరుస నుంచి మొదలుపెట్టి, తలల లెక్క కూడుకుంటూ పైకి రావడమే.

ఒక కాలేజీలో 400 మంది జేఈఈ తరహా నమూనా పరీక్ష రాశారనుకుందాం. మొత్తం 300 మార్కులు. తప్పు జవాబుకు ఒక మార్కు కోత ఉంటుంది కాబట్టి సున్నా కంటే కిందికి జారినవాళ్లూ ఉంటారు. చాలామంది వాళ్లను లెక్కలో వదిలేస్తారు, అక్కడి నుంచి పైవరుసలన్నీ తప్పుతాయి.

| మార్కులు | విద్యార్థులు | ఇంతవరకు మొత్తం |
|---|---|---|
| సున్నా కంటే తక్కువ | 8 | 8 |
| 0–49 | 92 | 100 |
| 50–99 | 140 | 240 |
| 100–149 | 88 | 328 |
| 150–199 | 46 | 374 |
| 200–249 | 20 | 394 |
| 250–300 | 6 | 400 |

150 కంటే తక్కువ వచ్చినవాళ్లు ఎందరు? మూడో నిలువు వరుసలో 100–149కి ఎదురుగా ఉన్న 328 జవాబు. ఇక్కడ పిల్లలు ఎక్కువగా చేసే పొరపాటు 150 అన్న అంకె కనబడగానే దాని ఎదురుగా ఉన్న 374 రాసేయడం. ఆ 374లో 150 నుంచి 199 దాకా వచ్చిన 46 మంది కూడా కలిసి ఉన్నారు. అడిగింది 150కి కింద ఉన్నవాళ్లను కాబట్టి, 150తో మొదలయ్యే వరుసకు ముందే ఆగాలి.

ఇప్పుడు సరిగ్గా 150 వచ్చినవాళ్లు నలుగురున్నారనుకుందాం. వాళ్ల పర్సంటైల్ ఎంత? ఏ సూత్రం వాడుతున్నామన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. తమ కంటే కింద ఉన్నవాళ్లనే లెక్కిస్తే 400లో 328, అంటే 82. జేఈఈ మెయిన్ నిర్వహించే జాతీయ పరీక్షల సంస్థ, ఎన్‌టీఏ, సమానంగా వచ్చినవాళ్లను కూడా కలుపుతుంది. అప్పుడు ఆ నలుగురూ లెక్కలోకి వచ్చి 400లో 332, అంటే 83 అవుతుంది. మార్కులు అవే, పట్టిక అదే, పర్సంటైల్ మాత్రం ఒక అంకె తేడా. ప్రతి షిఫ్టులో అందరికంటే ఎక్కువ మార్కులు వచ్చిన విద్యార్థికి నిండుగా 100 రావడానికి కారణం కూడా ఈ ‘సమానం’ అన్న షరతే. తనను తాను లెక్కించుకోకపోతే ఎవరికీ 100 రాదు.

ర్యాంకుకు మాత్రం చూపు పైకి తిప్పాలి. 400లోంచి 332 తీసేస్తే 68. ఆ 68 మంది 150 కంటే ఎక్కువ తెచ్చుకున్నవాళ్లు. కనుక మన నలుగురిదీ 69వ ర్యాంకు. వాళ్ల తర్వాతి మార్కు వచ్చిన విద్యార్థికి 70 కాదు, 73 వస్తుంది, ఎందుకంటే అతని పైన 72 మంది ఉన్నారు. కొన్ని పరీక్షల్లో ఇలాంటి సమాన మార్కులను విడదీయడానికి వేరే నిబంధనలు పెడతారు. ఆ నిబంధనలు లేని పట్టికలో అందరిదీ ఒకే ర్యాంకు.

అసలు చిక్కు 120 లాంటి అంకె అడిగినప్పుడు వస్తుంది. పట్టికలో 120 దగ్గర గీత లేదు. 100 కంటే తక్కువ వచ్చినవాళ్లు 240 మంది అని కచ్చితంగా తెలుసు. 100–149 వరుసలోని 88 మందిలో 119 లోపు ఎందరు ఆగిపోయారో తెలియదు. ఆ వరుసలో 50 మార్కులున్నాయి, 100 నుంచి 119 వరకు 20. మనుషులు వరుసంతా సమానంగా పరుచుకుని ఉన్నారనుకుంటే 88లో ఇరవై యాభయ్యో వంతు, అంటే సుమారు 35 మంది. 240కి కలిపితే 275.

ఈ 275 అంచనా మాత్రమే. నిజమైన జవాబు 240కి, 328కి మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. అయితే పట్టికను కాస్త శ్రద్ధగా చూస్తే అంచనా ఎటు తప్పుతుందో పసిగట్టవచ్చు. కింది వరుసలో 140 మంది, ఈ వరుసలో 88, పై వరుసలో 46. జనం పైకి పోయేకొద్దీ పలచబడుతున్నారు. కాబట్టి ఈ 88 మందిలోనూ ఎక్కువమంది 100కి దగ్గరగానే గుమిగూడి ఉండాలి. అసలు సంఖ్య 275 కంటే కొంత ఎక్కువే ఉంటుందని అనుకోవడం సబబు.

ఇదే లెక్కను లక్షల మీదికి తీసుకెళ్తే ఏమవుతుంది? 2024 జేఈఈ మెయిన్‌ను రెండు విడతల్లో కలిపి 14,15,110 మంది రాశారు. జేఈఈ అడ్వాన్స్‌డ్‌కు జనరల్ కటాఫ్ 93.2362181. పాయింటు తర్వాత ఏడంకెలు చూసి విసుక్కునేవాళ్లుంటారు. కానీ పద్నాలుగు లక్షల్లో ఒక్క మనిషి వాటా 0.00007 మాత్రమే. రెండంకెలకే కుదిస్తే ఒక్కో అంకె దగ్గర వందకు పైగా విద్యార్థులు చేరిపోయి, ఎవరు ముందో ఎవరు వెనకో తెలియదు.

100లోంచి 93.2362181 తీసేస్తే 6.7637819. అంటే మొత్తం విద్యార్థుల్లో అంత శాతం మంది కటాఫ్‌కు పైన ఉండాలి. 14,15,110తో గుణిస్తే సుమారు 95,715. అయితే ఎన్‌టీఏ ప్రకటించిన పట్టికలో 100 నుంచి ఆ కటాఫ్ వరకు ఉన్నవాళ్లు 97,351 మంది. సుమారు పదహారు వందల తేడా.

ఈ తేడాకు కారణం పర్సంటైల్ తయారయ్యే చోటే ఉంది. దాన్ని లెక్కించేది పద్నాలుగు లక్షల మందినీ ఒకే పట్టికలో పేర్చి కాదు. ఒక్కో షిఫ్టులో రాసినవాళ్లను వాళ్లలో వాళ్లతోనే పోలుస్తారు, ఎందుకంటే ఒక షిఫ్టు పేపరు తేలిగ్గా, మరొకటి కష్టంగా రావచ్చు. ఆపైన రెండు విడతలూ రాసిన విద్యార్థికి రెండింటిలో మెరుగైన స్కోరునే ఉంచుతారు. తక్కువ స్కోర్లు పక్కకు తప్పుకుని, మెరుగైనవి మిగిలిన ఆ జాబితాలో 93.23 పైన సరిగ్గా 6.76 శాతం మందే ఉండాలన్న నియమం లేదు. అందుకే పర్సంటైల్ నుంచి ర్యాంకు చెప్పే సూత్రం షిఫ్టు లోపల కచ్చితంగా పనిచేస్తుంది, దేశవ్యాప్త ర్యాంకు దగ్గరికి వచ్చేసరికి అంచనాగా మారుతుంది. 99 పర్సంటైల్ వచ్చిన విద్యార్థికి ఆ ఏడాది ర్యాంకు 14,152 అని సూత్రం చెబుతుంది. కౌన్సెలింగ్‌లో కాలేజీల జాబితా రాసుకునే కుటుంబం ఆ అంకెకు అటూ ఇటూ కొన్ని వందలు వదులు పెట్టుకుని, ఎన్‌టీఏ అఖిల భారత ర్యాంకు ప్రకటించాకే ఆ జాబితాను ఖాయం చేసుకోవాలి.