బాణసంచా వెలుగు నేల మీదా పడాలి

హైదరాబాద్ హుస్సేన్ సాగర్ ఫొటో మీద వేరే ఫొటోలోని బాణసంచా పువ్వును తెచ్చి పెడితే చాలాసార్లు స్టిక్కర్ అంటించినట్టే ఉంటుంది. పువ్వు ఎంత అందంగా ఉన్నా, కొలత కుదరక, వెలుగు ఆకాశంలోనే ఆగిపోయి అతుకు బయటపడుతుంది.

ముందు కొలత చూద్దాం. సాగర్ మధ్యనున్న బుద్ధ విగ్రహం ఎత్తు 58 అడుగులు. పెద్ద వేడుకల్లో పేల్చే నాలుగంగుళాల షెల్ సుమారు 400 అడుగులు పైకి వెళ్లి, దాదాపు 200 అడుగుల వెడల్పున విచ్చుకుంటుంది. మీ ఫొటోలో విగ్రహం 200 పిక్సెళ్ల ఎత్తు ఉందనుకోండి. షెల్ విగ్రహం దగ్గరే పేలితే పువ్వు వెడల్పు 700 పిక్సెళ్ల దాకా ఉండాలి. దాని నడిమి భాగం నీటికి 1,400 పిక్సెళ్ల పైన రావాలి. కెమెరాకు రెట్టింపు దూరంలో పేలితే రెండూ సగమవుతాయి. అప్పుడు మేడల వెనక్కి పోయే రవ్వలను మాస్క్‌తో కప్పెయ్యాలి.

ఇక వెలుగు. ఫొటోషాప్‌లో బాణసంచా లేయర్‌కు Screen పెడితే నలుపు మాయమై వెలుగే మిగులుతుంది. చుట్టూ బూడిదరంగు అంచు కనిపిస్తే ఆ ఫొటోలో ఆకాశం పూర్తిగా నల్లగా లేదన్నమాట. Levelsలో ఎడమవైపున్న నల్ల గుర్తును ఆ అంచు పోయేదాకా కుడికి జరపండి. తర్వాత అదే లేయర్‌ను కాపీ చేసి, Gaussian Blurతో బాగా మసకబార్చి, Opacity పావువంతుకు తగ్గిస్తే పువ్వు చుట్టూ కాంతి పరుచుకుంటుంది.

అసలు పని కింద ఉంది. పువ్వు ఎరుపుదైతే ఆ ఎరుపునే బ్రష్‌లోకి తీసుకుని, Soft Light పెట్టిన కొత్త లేయర్ మీద పలచగా పూయాలి. అయితే అన్నిచోట్లా కాదు. షెల్ ఎడమవైపు పైన పేలితే విగ్రహం తల పైభాగం, ఎడమ భుజం ఎర్రబడతాయి. గడ్డం కింద, కుడి పక్కన నీడ అలాగే ఉండాలి. ఫ్లడ్‌లైట్ల కాంతిలో ఇప్పటికే మెరుస్తున్న చోట మార్పు పెద్దగా తెలియదు. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది కాబట్టి, దూరపు మేడల మీద రంగు లీలగా ఉంటే చాలు.

నీటిలో ప్రతిబింబం కోసం పువ్వును తలకిందులు చేసి, షెల్ పేలిన చోటికి సరిగ్గా కింద పెట్టండి. చిన్న అలలున్న నీటిలో అది నిలువుగా సాగుతుంది. Motion Blurలో కోణం 90 డిగ్రీలు పెడితే ఆ సాగుదల వస్తుంది. పైనున్న పువ్వు కంటే అది ఎప్పుడూ మసకగానే ఉండాలి.

పని పూర్తయ్యాక ఆకాశంలోని బాణసంచా లేయర్లను దాచేసి చూడండి. షెల్ ఏ వైపు, ఏ రంగులో పేలిందో మేడలను, నీటిని చూసి చెప్పగలిగితే మీ బొమ్మ కుదిరినట్టే. చెప్పలేకపోతే ఆకాశాన్ని వదిలి మళ్లీ నేల మీద పని మొదలుపెట్టండి.