ఇస్తామన్న తేదీ దాటాక రాసే మెయిల్

హైదరాబాద్‌లో ఒక ఉద్యోగి ఆగస్టు 18న కంపెనీ నుంచి రిలీవ్ అయ్యాడనుకుందాం. ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ సెప్టెంబరు 30లోగా వేస్తామని హెచ్ఆర్ మెయిల్ ఇచ్చింది. ఆ తేదీ దాటిపోయింది, డబ్బులు పడలేదు. అక్టోబరు 3న కడుపుమంటతో అతను ఇలా రాసుకున్నాడు:

“సర్, ఎన్నిసార్లు అడగాలి? పోయిన నెలాఖరుకి ఇస్తామన్నారు. ఇంట్లో చాలా ఇబ్బందిగా ఉంది. దయచేసి వీలైనంత త్వరగా వేయండి.”

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ దీనికి “ప్రాసెస్‌లో ఉంది” అని జవాబిస్తే సరిపోతుంది. ఎంత రావాలో లేదు, ఎప్పటిలోగా కావాలో లేదు. “వీలైనంత త్వరగా” అంటే తేదీ ఎంచుకునే హక్కు మళ్లీ వాళ్లకే ఇచ్చినట్టు. పైగా హెచ్ఆర్ ఈ మెయిల్‌ను ఫైనాన్స్‌కు పంపితే అక్కడివాళ్లకు ఏమీ అర్థం కాదు. దాన్నే ఇలా మార్చవచ్చు:

“సెప్టెంబరు 30లోగా చెల్లిస్తామని మీరు రాసిన మెయిల్ కింద ఉంది. ఈరోజు వరకు నా ఖాతాలో జమ కాలేదు. కోతలకు ముందు నా లెక్క: ఆగస్టులో 18 రోజుల జీతం 27,000, మిగిలిన సెలవులకు 8,000, ప్రయాణ బిల్లులు 3,400, మొత్తం 38,400 రూపాయలు. తేడా ఉంటే సెటిల్‌మెంట్ స్టేట్‌మెంట్ పంపండి. అక్టోబరు 10లోగా చెల్లించండి, లేదా ఆలస్యానికి కారణం, కొత్త తేదీ రాతపూర్వకంగా తెలపండి.”

కోపం పోయింది, పట్టు మిగిలింది. పాత మెయిల్‌కే రిప్లై ఇవ్వడం ఇక్కడ ముఖ్యం, వాళ్లిచ్చిన మాట కిందే కనబడుతుంది. అది ఆఫీసు ఐడీకి వచ్చిందైతే, ఐడీ మూతపడకముందే ఆ మాటను సొంత మెయిల్‌కు రాయించుకోవాలి. ఇబ్బంది పెడుతున్నందుకు క్షమాపణలు అక్కర్లేదు. “ఎంతో కొంత వేయండి” అని మాత్రం ఎప్పుడూ రాయకూడదు, తక్కువకు ఒప్పుకున్నారని తర్వాత చూపించవచ్చు. డబ్బు పడకముందే, అంతా ముట్టిందన్న కాగితం మీద సంతకం అడిగినా ఇంతే జాగ్రత్త అవసరం.

చట్టం ప్రస్తావన మొదటి ఫాలో అప్‌లో లేకపోయినా ఫర్వాలేదని నా అభిప్రాయం. అక్టోబరు 10 కూడా దాటితే రెండో మెయిల్‌లో ఒక్క వాక్యం చాలు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం, రాజీనామా చేసినా, తీసేసినా, రావలసిన వేతనం రెండు పనిదినాల్లో ఇవ్వాలి. అయితే ప్రయాణ బిల్లులు ఎక్కువగా కంపెనీ నియమాలను బట్టి నడుస్తాయి. జీతాన్ని వాటితో కలిపేయకుండా విడివిడిగా రాయమన్నది అందుకే. అప్పటికీ స్పందన లేకపోతే ఈ రెండు మెయిళ్లు, రాజీనామా ఆమోదం, ఆఖరి పేస్లిప్పు, బ్యాంకు స్టేట్‌మెంట్ జతచేసి కార్మిక శాఖకు ఫిర్యాదు ఇవ్వవచ్చు.