తుపాకీ కర్ర ఉబ్బితే గురి ఎందుకు తప్పుతుంది?

వానలు మొదలయ్యాక కొన్ని ఇళ్లలో తలుపులు మొరాయిస్తాయి. ఎండాకాలంలో వేలితో తోస్తే మూసుకున్న తలుపుని శ్రావణంలో భుజం పెట్టి నెట్టాలి. చెక్క తేమ పీల్చి ఉబ్బడమే కారణం. నారల పొడవునా పెద్దగా పెరగదు, అడ్డంగా ఉబ్బుతుంది. వడ్రంగి వచ్చి అంచు చిత్రిక పట్టి పోతాడు. అదే చెక్క తుపాకీకి పిడిగా ఉంటే?

వియత్నాం యుద్ధంలో అమెరికా మెరైన్ దళానికి సరిగ్గా ఈ ఇబ్బందే ఎదురైంది. 1966లో వాళ్లు ఎం40 అనే స్నైపర్ రైఫిల్ తీసుకున్నారు. రెమింగ్టన్ 700 అనే వేట తుపాకీయే దానికి మూలం. స్టాక్, అంటే బ్యారెల్‌నీ యంత్రభాగాన్నీ మోసే కర్ర, వాల్‌నట్ చెక్కది. అక్కడి వానకీ ఉక్కకీ ఆ చెక్క ఉబ్బింది, వంకరపోయింది, బ్యారెల్‌ని ఒరుసుకుంది. నిన్న సరిచూసుకున్న గురి ఇవాళ తప్పేది. ఆర్మరర్లు స్టాక్ లోపలి గాడిని గీకి వెడల్పు చేస్తూ నెట్టుకొచ్చారు. చివరికి 1970లలో వచ్చిన ఎం40ఏ1లో చెక్కనే వదిలేసి ఫైబర్‌గ్లాస్ స్టాక్ పెట్టారు.

చెక్క కాస్త ఆనుకున్నంత మాత్రాన ఉక్కు గొట్టానికి ఏమవుతుందనిపిస్తుంది. లెక్క వేసి చూద్దాం. బ్యారెల్ పొడవు 600 మిల్లీమీటర్లు అనుకోండి. ఉబ్బిన చెక్క దాని కొసని ఒక మిల్లీమీటరులో పదో వంతు, సుమారు ఒక కాగితం మందమంత, పక్కకి నెట్టింది. వంద మీటర్ల దూరంలో తూటా కనీసం 16 మిల్లీమీటర్లు పక్కకి పోతుంది. ఇది బ్యారెల్ నిటారుగా ఉండి మొత్తంగా వాలిందనుకుని వేసిన లెక్క. నిజానికి అది వంగుతుంది కాబట్టి కొస దగ్గర కోణం ఇంకా ఎక్కువ. మంచి పోటీ రైఫిల్ అదే దూరంలో ఐదు తూటాలనూ రూపాయి బిళ్లంత చోటులో గుచ్చగలదు. కాగితం మందమంత తోపుకే ఆ గుంపు మొత్తం తన చోటు వదిలి జరిగిపోతుంది.

అయినా వంగి అలాగే ఉండిపోతే బాధ లేదు. గురి సర్దుకుంటే సరిపోతుంది. చిక్కంతా మారడంలోనే ఉంది. పొద్దున ఉన్న ఒత్తిడి సాయంత్రానికి ఉండదు. నాలుగు తూటాలు పేల్చేసరికి బ్యారెల్ వేడెక్కి వ్యాకోచిస్తుంది, చెక్కకి ఆనిన చోట ఒత్తిడి ఇంకోలా మారుతుంది. ముందు భాగాన్ని చేత్తో గట్టిగా పట్టుకున్నా, ఇసుక సంచీ మీద ఆనించినా, భుజానికి పట్టీ బిగించి లాగినా ఆ బలం కర్ర గుండా బ్యారెల్‌కి చేరుతుంది.

దీనికి తోడు కంపనం. మందు పేలగానే బ్యారెల్ కొరడాలా అల్లాడుతుంది. తూటా బ్యారెల్ లోపల ఉండేది సెకనులో వెయ్యో వంతు కంటే కాస్త ఎక్కువసేపు మాత్రమే. ఆ కాస్తలోనే కొస పైకీ కిందికీ కదులుతుంది, అది ఎటు చూస్తున్న క్షణంలో తూటా బయటపడితే తూటా అటే పోతుంది. ఈ అల్లాటని ఆపడం ఎవరి వల్లా కాదు. ప్రతిసారీ ఒకేలా అల్లాడేట్టు చూడగలం, అంతే. మోగుతున్న వీణ తీగని మధ్యలో వేలితో తాకితే నాదం మారిపోయినట్టే, బ్యారెల్‌ని కర్ర ఎక్కడో ఒకచోట తాకితే దాని అల్లాట తీరు మారుతుంది. కర్ర ఒకసారి తాకి ఇంకోసారి తాకకపోతే తూటాలు తలోదారి పడతాయి.

అందుకే బ్యారెల్‌ని కర్రకి తగలకుండా వదిలేస్తారు. వెనక యాక్షన్‌లోకి, అంటే తూటాని గదిలోకి నెట్టి తాళం వేసే ఉక్కు పెట్టెలోకి, బ్యారెల్‌ని మరతో బిగిస్తారు. అక్కడి నుంచి కొస దాకా అది దేన్నీ ముట్టదు. దీన్నే ఫ్రీ ఫ్లోటింగ్ అంటారు. పరీక్ష తేలిక: బ్యారెల్‌కీ కర్రకీ మధ్య ఒక కాగితం ముక్క దూర్చి కొస నుంచి యాక్షన్ దాకా జరపాలి. ఎక్కడ ఆగితే అక్కడ తగులుతున్నట్టు. నా మట్టుకు నాకు ఒక్క కాగితం సందు చాలదనిపిస్తుంది. చెక్క స్టాక్ అయితే తేమకి ఉబ్బినా మిగిలేంత, కనీసం ఒకటి రెండు మిల్లీమీటర్లు, ఉండాలి.

బ్యారెల్‌ని ఇలా గాలిలో వదిలేశాక బరువంతా యాక్షన్ మీదే పడుతుంది. ఇక అది కదలకుండా కూర్చోవాలి. కాళ్లు సమంగా లేని స్టూలు మీద కూర్చుంటే ఏమవుతుందో తెలిసిందేగా. ఒక్కోసారి ఒక్కో కాలి మీద నిలుస్తుంది. కర్రలో తొలిచిన గుంట యాక్షన్ ఆకారానికి అచ్చంగా సరిపోకపోతే ప్రతి పేలుడు తర్వాతా అది వెంట్రుక వాసి తేడాతో కొత్త చోట కూర్చుంటుంది. స్క్రూలు గట్టిగా బిగిస్తే ఇంకా నష్టం. యాక్షన్ ఆ గుంట ఆకారానికి వంగి, లోలోపల ఒత్తిడితో ఉంటుంది.

బెడ్డింగ్ దీనికి మందు. గుంటలో కొంత చెక్క తొలగించి, అక్కడ ఎపాక్సీ ముద్ద నింపి, యాక్షన్‌ని అందులో కూర్చోబెట్టి గట్టిపడనిస్తారు. యాక్షన్ అచ్చు అందులో పడుతుంది. ముందుగా ఉక్కుకి అంటుకోకుండా మైనం లాంటి పూత పూస్తారు, రంధ్రాల్లో బంకమట్టి కుక్కుతారు. పూత ఒక్క చోట మరిచినా తుపాకీ, కర్ర ఒకటైపోతాయి. అప్పుడు సుత్తి పట్టుకుని ఏడవాల్సిందే.

ఇందులో కీలకం రీకాయిల్ లగ్. యాక్షన్ ముందు కిందికి పొడుచుకొచ్చిన చిన్న ఉక్కు పలక అది. పేలుడు వెనక్కి తన్నే తాపంతా దాని వెనక ముఖం నుంచే కర్రకి దిగుతుంది. అందుకే ఎపాక్సీ పోసే ముందు ఆ పలక ముందు ముఖానికీ పక్కలకీ అడుగుకీ టేప్ అంటిస్తారు. తర్వాత టేప్ తీస్తే మూడు వైపులా సన్నని సందు ఉంటుంది, వెనక మాత్రం గట్టిగా ఆనుతుంది. అడుగున సందు లేకపోతే యాక్షన్ ఆ పలక మీద ఎత్తుగా నిలిచి ఊగుతుంది. ఎపాక్సీ గట్టిపడేటప్పుడు స్క్రూలు బిగించకూడదు. బిగిస్తే వంగిన యాక్షన్‌కే అచ్చు పడుతుంది, జబ్బుని పోత పోసినట్టు.

పని కుదిరిందో లేదో చూడ్డానికి డయల్ గేజ్‌ని బ్యారెల్‌కి కట్టి, ముల్లుని కర్ర ముందు కొసకి ఆనిస్తారు. ముందు స్క్రూ మెల్లగా వదులు చేస్తారు. ముల్లు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు కంటే ఎక్కువ కదిలితే లోపల ఒత్తిడి మిగిలి ఉందన్నమాట.

గేజ్ లేకపోయినా లక్ష్యం కాగితమే చెబుతుంది. వేడెక్కేకొద్దీ తూటాలు వరసగా ఒకే వైపుకి పాకితే బ్యారెల్ ఎక్కడో తగులుతోందని మొదట అనుమానించాలి. రెండు వేరు వేరు గుంపులు పడుతుంటే యాక్షన్ రెండు చోట్ల కూర్చుంటోందేమో చూడాలి. అయితే వదులైన స్కోప్ కూడా ఇలాగే ఏడిపిస్తుంది కాబట్టి, కర్ర గీకే ముందు దాని స్క్రూలు చూసుకోవడం తెలివైన పని. బ్యారెల్ కొస గీరుకుపోయినా, తూటాలు నాసిరకమైనా బెడ్డింగ్ ఏమీ చేయలేదు.

ఇంకొకటి. అన్ని రైఫిళ్లూ ఈ పద్ధతికి లొంగవు. లీ ఎన్‌ఫీల్డ్ నంబర్ 4 బ్యారెల్ సన్నం. దాని కర్ర ముందు కొస బ్యారెల్‌ని కొన్ని పౌండ్ల బలంతో పైకి నొక్కి ఉంచేట్టు కావాలనే చేశారు. ఆ ఒత్తిడి స్థిరంగా ఉన్నంతకాలం అల్లాటా ప్రతిసారీ ఒకేలా ఉంటుంది. దాన్ని తొలగిస్తే బాగుపడుతుందనుకుని కర్ర గీకేసినవాళ్లు, గుంపు ఇంకా విచ్చుకోవడం చూసి, గీకిన చోటే మళ్లీ ఎపాక్సీతో మెత్త వేసుకోవాల్సి వస్తుంది.