యాప్ చూపే సొమ్ము, ఇంటికి చేరే సొమ్ము

ఇంటి దగ్గర షాపులో నెలకు 16,000 జీతం మానేసి, సొంత బండి మీద ఫుడ్ డెలివరీకి వెళ్లాలనుకునే యువకులు మన సంఘాల్లో ఉన్నారు. యాప్‌లో వారానికి 6,000 కనిపిస్తే నెలకు 26,000 అనుకుంటారు. ఆ మాట నిజమో కాదో ఒక ఉదాహరణతో లెక్క వేసి చూద్దాం.

హైదరాబాద్‌లో ఒక యువకుడు ఆరు రోజులు, రోజుకు పది గంటలు పనిచేశాడనుకుందాం. ముందుగా చూడవలసింది బండి మీటర్. యాప్ 480 కిలోమీటర్లకు డబ్బు లెక్కగడితే, మీటర్ 720 చూపుతుంది. ఆర్డర్ ఇచ్చి ఖాళీగా తిరిగి వచ్చిన దూరం, ఇంటి నుంచి వచ్చి వెళ్లిన దూరం యాప్ లెక్కలోకి రావు. పెట్రోలు మాత్రం వాటికీ ఖర్చవుతుంది. లీటరుకు 45 కిలోమీటర్ల మైలేజీ వస్తే 16 లీటర్లు కావాలి. లీటరు 107 చొప్పున 1,712 రూపాయలు.

రెండోది రిపేరు. ఈ వారం మెకానిక్ దగ్గరికి వెళ్లలేదు కాబట్టి ఖర్చు లేదనుకోవడమే అందరూ చేసే పొరపాటు. ఇంజిన్ ఆయిలు, టైర్లు, చెయిన్, బ్రేకులు రోజూ కొంచెం కొంచెంగా అరుగుతూనే ఉంటాయి. వీటికి కిలోమీటరుకు 75 పైసలు పక్కన పెడితే 540. బండి విలువ తరుగుదలకు 60 పైసల చొప్పున మరో 432. (తరుగుదల తీసేస్తే, బండి అసలు వాయిదాను మళ్లీ తీయకూడదు, వడ్డీ మాత్రమే తీయాలి.) ఫోన్ డేటాకు 70.

మొత్తం ఖర్చు 2,754. చేతిలో మిగిలింది 3,246.

ఇప్పుడు గంటల సంగతి. ఆర్డర్ల మీద తిరిగింది 36 గంటలే అయినా, హోటల్ ముందు, చెట్టు కింద ఎదురుచూసిన 24 గంటలూ అతని జీవితంలోవే. 6,000ను 36తో భాగిస్తే గంటకు 166 అనిపిస్తుంది. 3,246ను 60తో భాగిస్తే 54 రూపాయలే. నెలకు 26 రోజులు చేసినా మిగిలేది సుమారు 14,000. అవే గంటలు పనిచేసే షాపు జీతం కన్నా తక్కువ. పైగా బీమా, ప్రమాదం, జ్వరంతో పోయిన రోజు ఇందులో కలపలేదు.

ఈ లెక్క రోజువారీ పనికీ ఉపయోగపడుతుంది. పైన చెప్పిన పెట్రోలు, అరుగుదల, తరుగుదల కలిపితే కిలోమీటరుకు సుమారు 3 రూపాయల 75 పైసలు. 35 రూపాయల ఆర్డర్‌కు రానుపోను 8 కిలోమీటర్లు తిరిగితే ఖర్చే 30. మిగిలేది 5 రూపాయలు. తిరుగు దారిలో మరో ఆర్డర్ దొరికితేనే అది గిట్టుబాటు.

పెట్రోలు ధర, మైలేజీ, ఏరియా మారితే అంకెలు మారతాయి. అందుకే మీ ఇంట్లో ఈ పని చేసేవారుంటే నాలుగు వారాలు ఒక నోటుబుక్‌లో నాలుగే సంగతులు రాయించండి: పొద్దున మీటర్, రాత్రి మీటర్, బయట ఉన్న గంటలు, ఖర్చుపెట్టిన డబ్బు. బండి కోసం అప్పు చేయాలా, ఉన్న ఉద్యోగం మానాలా అన్నది ఆ తర్వాతే తేల్చుకోండి.